యాప్ బాకీల లెక్క, 3వ పాఠం: ‘సున్నా వడ్డీ’కి ఏడాది రేటెంత?

పోయిన పాఠంలో, ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ యాప్‌లలో ఉన్న బాకీ మొత్తం లెక్కేస్తే చాలామందికి తక్కువగా వచ్చింది. కారణం ఒక్కటే: యాప్ తెరవగానే పెద్దక్షరాల్లో కనిపించే అంకెను షీట్‌లో ఎక్కించేశారు. అది ఈ నెల కట్టాల్సింది మాత్రమే, మొత్తం బాకీ కాదు. లోన్ వివరాల్లోకి వెళ్లి మిగిలిన వాయిదాలన్నీ కూడాలి.

ఫిబ్రవరి 10 నాటికి మన ఉదాహరణ చూద్దాం. మొదటి యాప్‌లో జనవరి 5న 6,000 రూపాయల ఫోన్ కొన్నాం. నెలకు 2,000 చొప్పున మూడు వాయిదాలు, ఒకటి కట్టేశాం. తెర మీద 2,000 అనే ఉంటుంది, బాకీ మాత్రం 4,000. రెండో యాప్‌లో సరుకులకు వాడిన 1,800 గడువు దాటింది, 250 జరిమానా పడింది. అది 2,050. మొత్తం బాకీ 6,050.

ఫీజుల గడి వేరు. ఫోన్‌కు ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద 18 శాతం జీఎస్టీ 35.82, వెరసి 234.82. అది కొన్నరోజే కట్టేశాం కాబట్టి బాకీలోకి రాదు, ఫీజుల్లోకి వస్తుంది. జరిమానాతో కలిపి ఫీజులు 484.82.

ఇక నాకు ఒళ్లు మండే చోటు. ‘వడ్డీ సున్నా, ఫీజు 6,000 మీద 3.9 శాతమే కదా సార్’ అంటారు. కొందరు ఇంకో అడుగు వేసి, మూడు నెలలకు 3.9 అయితే ఏడాదికి నాలుగింతలు, 15.7 అంటారు. అదీ తప్పే. 6,000 మూడు నెలలూ మీ దగ్గర ఉందా? నెల తిరగ్గానే రెండు వేలు వెనక్కి పోయాయి, ఇంకో నెలకు మరో రెండు వేలు. సగటున ఆ డబ్బు మీ చేతిలో ఉన్నది రెండు నెలలే. పైగా ఫీజు ముందే కట్టారు, అంటే చేతికి నిజంగా అందింది 5,765.18. తేదీలను బట్టి ఏడాది రేటు తీసే ఫార్ములా XIRR. చేతికొచ్చింది ప్లస్‌గా, కట్టేవి మైనస్‌గా షీట్‌లో ఇలా రాయండి:

```
      A            B
2   2025-01-05   5765.18
3   2025-02-05   -2000
4   2025-03-05   -2000
5   2025-04-05   -2000

=XIRR(B2:B5, A2:A5)
```

జవాబు సుమారు 27.6 శాతం. `#NUM!` వస్తే మైనస్ గుర్తులు మరిచారన్నమాట. తేదీలు నేనెప్పుడూ సంవత్సరం ముందు పెట్టే రాస్తాను. అలా కాకపోతే 05-02ను షీట్ మే 2గా చదివే ప్రమాదం ఉంది. జరిమానాను మాత్రం ఈ రేటులో కలపను. అది ఆలస్యానికి పడింది, అప్పు ధర కాదు.

అభ్యాసం: మీ యాప్‌లన్నిటి వరసలూ ఒకే షీట్‌లో, తేదీల వారీగా, ఒకదాని కింద ఒకటి పేర్చి ఒకే XIRR తీయండి. విడివిడి రేట్లకు సగటు తీయొద్దు. అలా తీస్తే మూడు వందల అప్పూ, ముప్పై వేల అప్పూ ఒకే బరువుతో తూగుతాయి. వచ్చిన రేటు మీ యాప్‌ల కనిష్ఠ, గరిష్ఠ రేట్ల మధ్య పడకపోతే, ఏదో వరస తలకిందులైంది.