సంస్థ తరఫున రాతలు, 6వ పాఠం: సంతాపంలో మన బోర్డు ఎందుకు?

గత పాఠంలో వనజీవి రామయ్య గారి మృతిపై ఓ నర్సరీ తరఫున సంతాపం రాయమన్నాం. వచ్చినవాటిలో చాలావరకు ఒకేచోట జారాయి. అందుకే ఫొటో ఎంపిక పాఠం వచ్చేసారికి జరిపాను. పేరు, తేదీ సరిచూసుకోవాలని మళ్లీ చెప్పను.

వచ్చినవి దాదాపుగా ఇలా ఉన్నాయి:

“పచ్చదనమే ఊపిరిగా బతికిన మహావృక్షం నేలకొరిగింది. కోటి మొక్కలు నాటిన వనజీవి రామయ్య గారి మృతి తీరని లోటు. ఆయన స్ఫూర్తితో నాణ్యమైన మొక్కలు అందిస్తున్న మా నర్సరీ ఆయన ఆశయాలను కొనసాగిస్తుంది.”

మూడో వాక్యాన్ని విడిగా చదవండి. అచ్చంగా కరపత్రంలో మాట. కర్త నర్సరీ అయిపోయింది, పోయిన మనిషి విశేషణంగా మిగిలాడు. దీన్ని కొట్టేసినవాళ్లు కూడా వేరే దారిలో అక్కడికే చేరారు. ఒకరు “మా స్టాల్‌కు వచ్చి ఆశీర్వదించారు” అన్నారు. ఇంకొకరు లోగోను ఆయన పేరుకంటే పెద్దది చేశారు. ముగ్గురు పండగ శుభాకాంక్షల టెంప్లేటే వాడారు, దాని అడుగున ఫోన్ నంబరు, “హోమ్ డెలివరీ కలదు” అలాగే ఉండిపోయాయి. సంస్థ పేరు చివర సంతకంగా ఒక్కసారి వస్తే చాలు. నంబరు, హ్యాష్‌ట్యాగులు అసలే వద్దు. ఆ రోజుకు షెడ్యూల్ చేసిన ఆఫర్ పోస్టులు కూడా ఆపండి, లేకపోతే సంతాపం కిందే డిస్కౌంటు కనిపిస్తుంది.

మొదటి వాక్యంలో ఎవరు పోయారో లేదు. ఫోన్‌లో ముందు కనిపించేవి ఒకటి రెండు వరుసలే, పేరు అక్కడే ఉండాలి. “కోటి” ఆయన గురించి అందరూ చెప్పుకునే అంకె, మనం లెక్కపెట్టింది కాదు. వాడితే “అని ప్రతీతి” చేర్చండి. నేనైతే వదిలేసి, కళ్లకు కట్టే ఒక్క వివరం పెడతాను:

“వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన ఆయన ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలక ధరించి ఊరూరా తిరిగి మొక్కలు నాటారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కుటుంబ సభ్యులకు మా ప్రగాఢ సానుభూతి. — (సంస్థ పేరు)”

పోయింది సొంత వ్యవస్థాపకుడైతే “మా” సహజమే, “మా సంస్థను స్థాపించిన” అనొచ్చు. వారసుడెవరు, వ్యాపారం ఎలా సాగుతుంది అన్నవి మాత్రం వేరే ప్రకటనలోకి వెళ్లాలి. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే ముందు ఎక్స్ఛేంజీలకు తెలియజేయాలి. ఇంట్లోవాళ్లు సరేననేదాకా పోస్టు కదలకూడదు, మరణ కారణం వాళ్లు చెప్పమంటేనే రాయాలి.

అభ్యాసం: రామోజీరావు గారు 2024 జూన్ 8న మరణించారు. ఆయనతో ఏ సంబంధమూ లేని ఓ కాగితాల దుకాణం తరఫున నాలుగు వాక్యాలు రాయండి. “మా” ఒక్కసారే రావాలి, పత్రికకూ కాగితానికీ ముడిపెట్టకూడదు.