మెషిన్ తెలుగు చేసిన మెయిల్ పంపే ముందు

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావ, అమెరికా పార్టీ మెయిల్‌ను మెషిన్‌తో తెలుగు చేయించి ఫ్యాక్టరీ ఓనరుకు పంపబోయాడు. ఆపి, ఒరిజినల్ పక్కన పెట్టుకుని ముందు అంకెలే చూశాం. డెలివరీ 05/06/2025 అని అలాగే వచ్చేసింది. మనకది జూన్ 5, వాళ్లకు మే 6. అదే మెయిల్‌లో ఇంకోచోట 04/22 ఉంది కాబట్టి నెలే ముందని తేలింది. "2025 మే 6" అని రాసేశాం. 1.2 మిలియన్ రూపాయలు 12 లక్షలయ్యాయి.

తర్వాత పిలుపు. "ప్రియమైన సర్" తీసేసి "ఓనరు గారికి నమస్కారం" అన్నాం. అసలు తంటా కిందుంది: ఒక వాక్యంలో "మీరు పంపండి", తర్వాతి దాంట్లో "నిర్ధారించు"! పెద్దాయన చదివితే ఇంకేమన్నా ఉందా? అలాంటివి కంటికి దొరకవు, పైకి చదివితే చెవికి తగులుతాయి.