లెక్క ప్రకారం దిమ్మె ఎక్కువ నొక్కుకోవాలి, డయల్ మాత్రం తక్కువ చూపిస్తోంది: ఎక్కడ తప్పు?

తిరుపతిలో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివే పిల్లలు నా దగ్గరికి తెచ్చే లెక్కల్లో సూత్రం దాదాపు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మూడు స్ట్రెస్‌లు తెలిస్తే మూడు స్ట్రెయిన్‌లు ఇలా వస్తాయి:

```
εx = [σx − ν(σy + σz)] / E
εy = [σy − ν(σz + σx)] / E
εz = [σz − ν(σx + σy)] / E
```

తప్పంతా ఇందులో వేసే విలువల దగ్గరే.

లక్షణం: ఒక స్ట్రెయిన్ గుర్తే తారుమారైంది

నొక్కే స్ట్రెస్‌కు మైనస్ వేయడం మొదటి పదంలో గుర్తుంటుంది, బ్రాకెట్‌లోకి వెళ్లేసరికి మరిచిపోతారు. స్టీలుకు E = 200 GPa, ν = 0.3 తీసుకుందాం. σx = 100, σy = −60, σz = 40 MPa అయితే సరైన జవాబులు వరుసగా 530, −510, 140 మైక్రో స్ట్రెయిన్. మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు. బ్రాకెట్లో ఆ 60కి మైనస్ పోతే εx 350కి పడిపోతుంది, εz ఏకంగా −40 అయిపోతుంది. సాగాల్సిన వైపు కుంచించుకుపోయినట్టు జవాబు వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి అర నిమిషం చాలు. మూడు స్ట్రెయిన్‌లూ కూడండి. ఆ మొత్తం దీనికి సమానం కావాలి:

```
(1 − 2ν)(σx + σy + σz) / E
```

ఇక్కడ రెండు పక్కలా 160 మైక్రో రావాలి. తప్పు లెక్కలో మొత్తం −200 వస్తుంది. ఈ కూడిక చేయకుండా పేపర్ ఇచ్చేయకండి, దయచేసి.

లక్షణం: కూడిక సరిపోయింది, అయినా కొలతతో కలవడం లేదు

అసలు దెబ్బ ఇక్కడే. 200 మి.మీ. ఎత్తు, 100 × 50 మి.మీ. అడ్డకోత ఉన్న స్టీలు దిమ్మెను ఎత్తు వెంట, అంటే x దిశలో, 400 kN తో నొక్కాం అనుకోండి. σx = −80 MPa. 50 మి.మీ. మందం ఉన్న z దిశలో దిమ్మె రెండు దళసరి పలకల మధ్య బిగుతుగా కూర్చుంది, y దిశ ఖాళీ. "z వైపు బరువేమీ పెట్టలేదు కదా" అని అందరూ σz = 0 వేస్తారు. జవాబులు −400, 120, 120. కూడితే −160, సూత్రం ప్రకారం కూడా −160. కూడిక పాస్! డయల్ గేజ్ మాత్రం 0.08 మి.మీ. బదులు సుమారు 0.073 చూపిస్తుంది. వెంటనే E విలువ మీద, స్టీలు నాణ్యత మీద అనుమానపడతారు.

కూడిక పట్టుకోలేకపోవడానికి కారణం ఉంది. అది మీరు వేసిన స్ట్రెస్‌లతో లెక్క సరిగ్గా చేశారా అని చూస్తుందే కానీ, ఆ స్ట్రెస్‌లు నిజమా కాదా అని చూడదు. జవాబులో εz = 120 అంటే దిమ్మె z వైపు 0.006 మి.మీ. ఉబ్బాలి. పలకలు కదలకపోతే ఆ చోటు ఎక్కడిది? పలకలు తిరిగి నెడతాయి, ఆ నెట్టుడే σz. బరువు మనం పెట్టకపోయినా స్ట్రెస్ ఉంది.

పరిష్కారం ఇది. అడ్డు ఉన్న వైపు స్ట్రెస్‌ను సున్నా చేయకుండా స్ట్రెయిన్‌ను సున్నా చేయండి. εz = 0 పెడితే σz = ν(σx + σy) = 0.3 × (−80) = −24 MPa. దాన్ని తిరిగి వేస్తే εx = −364, εy = 156. ఎత్తు తగ్గుదల 0.0728 మి.మీ., డయల్ చూపించింది అదే. εx 9 శాతం తగ్గింది, అది 1 − ν² ప్రభావం. ఇలా సుమారు 9 శాతం తక్కువ కనిపిస్తే స్టీలును అనుమానించే ముందు పక్క పలకల్ని చూడండి.

ఒక్క జాగ్రత్త. పలకకూ దిమ్మెకూ మధ్య మొత్తం ఖాళీ 0.006 మి.మీ. దాటితే పలక అసలు తగలదు, σz = 0 వేసిన మొదటి లెక్కే సరైనది. ఫీలర్ గేజ్‌లో అంత సన్నని ఆకు ఉండదు కాబట్టి బిగుతును చేత్తో తేల్చలేం. z ముఖాల మీద స్ట్రెయిన్ గేజ్ అతికించే చోటు ఉండదు, అందుకని ఖాళీగా ఉన్న y వైపు పక్కకు ఉబ్బడం కొలవండి. 120 దగ్గర ఉంటే పలక పట్టలేదు, 156 దగ్గర ఉంటే పట్టింది. మధ్యలో ఉంటే పలక కొంచెం వంగుతోంది, లేదా నొక్కుతుండగా మధ్యలో తగిలింది.

మిగతావి అరుదు

స్టీలు ఈల్డ్ దాటితే ఈ సూత్రాలు చెల్లవు. 80 MPa దగ్గర ఆ భయం లేదు. కుప్పం గ్రానైట్ లాంటి రాయి తెస్తే అన్ని దిశల్లో ఒకే E ఉంటుందని ముందే నమ్మకండి. ఎండాకాలంలో దిమ్మె 10 డిగ్రీలు వేడెక్కితే అడ్డు లేని ప్రతి వైపూ సుమారు 120 మైక్రో బరువు లేకుండానే వచ్చేస్తుంది. అందుకే సున్నా రీడింగూ బరువు పెట్టిన రీడింగూ ఒకే పూట తీయండి.