రక్తం తక్కువగా ఉన్న గర్భిణి: ఐరన్ మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకోవాలి

ఐదో నెలలో మా సెంటర్‌కి వచ్చిన ఒక చెల్లెలికి హిమోగ్లోబిన్ 8.6 ఉంది. కడుపుతో ఉన్నప్పుడు 11 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. 7 నుంచి 9.9 మధ్య ఉంటే అది మధ్యస్థం. డాక్టర్ రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు. నెల తర్వాత మళ్లీ చూస్తే 8.7. చికిత్స పనిచేస్తుంటే నెలకు కనీసం 1 గ్రాము పెరగాలి. ఆమెను మళ్లీ డాక్టర్‌కి చూపించి, మాత్రలు ఎలా వేసుకుంటోందో అడిగాం.

పొద్దున టిఫిన్ తిని, టీ తాగుతూ ఒకటి. రాత్రి పడుకునే ముందు కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర కలిపి పాలతో. ఒక్కరోజు కూడా మానలేదు పాపం. కానీ టీలోని వగరు పదార్థం, పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్ర లోపలికి వెళ్లినా అందులో చాలా భాగం బయటికే పోయింది. మాత్రలు మార్చలేదు, వేళలు మాత్రమే మార్చాం. మరో నెలకు 9.9కి వచ్చింది.

ఆమెకు రాసిచ్చిన పట్టిక ఇదే. మీ ఇంటి వేళల్ని బట్టి అటూ ఇటూ జరుపుకోండి, మధ్యలో ఖాళీలు మాత్రం తగ్గించకండి.

| వేళ | మాత్ర | తిండి |
|---|---|---|
| ఉదయం 7 | – | అలవాటుంటే చిన్న కప్పు టీ |
| 8:30 | కాల్షియం | ఇడ్లీ, ఉప్మా లేదా రాగి జావ |
| 11 | ఐరన్ | నిమ్మకాయ నీళ్లు లేదా జామకాయ |
| 1:30 | – | ఆకుకూర పప్పు, గుడ్డు లేదా చేప, నిమ్మచెక్క |
| 4:30 | కాల్షియం | పాలు, అటుకులు |
| రాత్రి 7:30 | – | అన్నం లేదా రొట్టె, కూర |
| 9:30 | ఐరన్ | మంచినీళ్లు లేదా నిమ్మకాయ నీళ్లు |

ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఉండాలి. టీ, కాఫీ అయితే మాత్రకు ముందు ఒక గంట, తర్వాత ఒక గంట ముట్టుకోకూడదు. అంగన్‌వాడీలో భోజనంతో పాలు ఇస్తే, ఆ పూట ఐరన్ మాత్రను రెండు గంటలు ఆగి వేసుకోండి.

ఈ రెండు మాత్రల లెక్క రక్తం తక్కువగా ఉన్నవారికి, అదీ డాక్టర్ చెబితేనే. హిమోగ్లోబిన్ 11 లేదా ఆపైన ఉన్నవారికి నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర మాత్ర చాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. కాన్పు అయ్యాక కూడా 180 రోజులు కొనసాగించాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు.

మాత్ర మొదలుపెట్టిన కొత్తలో కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా వస్తుంది. ఆ రంగు చూసి భయపడి మానేసినవాళ్లు నాకు ఎంతమందో తెలుసు. అది ఒంటికి పట్టకుండా మిగిలిన ఐరన్ రంగు, అంతే. తారులా జిగటగా, బాగా దుర్వాసనతో వస్తే మాత్రం చూపించుకోండి. వికారం ఎక్కువైతే మానేయకుండా కాస్త తిన్నాక వేసుకోండి. ఒంటికి పట్టేది కొంచెం తగ్గుతుంది, అయినా అసలు మానేయడం కంటే నయం. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, జామకాయ పనిచేస్తాయి. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు అంటే, ఆవిడను కూడా సెంటర్‌కి తీసుకురండి. అది నిజం కాదని మేమే కూర్చోబెట్టి చెబుతాం.

తిండి సంగతికొస్తే, ఎర్రగా ఉంది కదా అని బీట్‌రూట్‌నీ దానిమ్మనీ నమ్ముకుని కూర్చోవద్దు. వాటిలో ఐరన్ తక్కువే. మాంసం, చేపల్లోని ఐరన్ ఒంటికి త్వరగా పడుతుంది. శాకాహారులకు తోటకూర, మునగాకు, శనగలు, ఉలవలు ఉన్నాయి. వాటిలోని ఐరన్ తేలిగ్గా పట్టదు, అందుకే పక్కన పులుపు కావాలి. నిమ్మరసం కూర ఉడికేటప్పుడు పోయకండి, వేడికి అందులోని సి విటమిన్ పోతుంది. కంచంలో వడ్డించుకున్నాక పిండుకోండి. అయితే 8, 9 దగ్గర ఉన్న రక్తాన్ని తిండి ఒక్కటే పైకి తేలేదు, మాత్ర తప్పదు.

వేళలన్నీ సరిగ్గా పాటించినా నెలకు 1 గ్రాము పెరగకపోతే డాక్టర్ కారణం వెతకాలి. నులిపురుగులు ఉండొచ్చు, పుట్టుకతో వచ్చే సికిల్ సెల్, తలసీమియా లాంటివి ఉండొచ్చు. నెలలు నిండుతున్నా రక్తం పెరగకపోతే ఐరన్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. 7 కంటే తక్కువ ఉంటే ఇంట్లో మాత్రలతో కాలక్షేపం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండె దడ వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా రిపోర్టు కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రల్ని అందనంత ఎత్తులో పెట్టండి. ఎర్రగా, తియ్యటి పూతతో ఉంటాయి కాబట్టి చాక్లెట్లనుకుంటారు. పిల్లలు నాలుగైదు మింగినా ప్రమాదమే. మింగారని అనుమానం వస్తే వాంతి కోసం చూడకుండా, ఆ ఖాళీ షీటు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.