అలమారాలో చెమ్మ: మూడో పాఠం – తేమ ఎక్కడ దాక్కుంటుంది?

మొదటి పాఠంలో పురుగులను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. వెండి రంగులో, చేపలాగా మెలికలు తిరుగుతూ, లైటు వేయగానే పరుగెత్తేది సిల్వర్‌ఫిష్. ఆవగింజలో సగం కూడా లేకుండా, పుస్తకం తెరిస్తే పేజీ మీద పాకే లేత గోధుమరంగు చుక్క పుస్తకపేను. రెండో పాఠంలో అరలు ఖాళీ చేసి దులపడం చూశాం. దులిపినా నెలలోపే మళ్లీ వచ్చాయని చాలామంది చెప్పారు. వస్తాయి మరి. పురుగులను తీసేశాం గానీ వాటిని బతికించే తేమను అక్కడే వదిలేశాం.

ఈ పాఠమంతా ఒకే అలమారా గురించి. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లింట్లోది. గోడలో కట్టిన అలమారా, కడప బండ అరలు, చెక్క తలుపులు. పై రెండు అరల్లో మంగళగిరి నూలు చీరలు, కింది రెండింటిలో బాబాయి పుస్తకాలు. కిందటి సెప్టెంబరులో ఒక చీర విప్పితే మడత పొడవునా బట్ట పైపొర గీకినట్టు పలచబడి ఉంది, రెండు చోట్ల చిల్లులు కూడా పడ్డాయి. చీర బాగా గంజి పెట్టి ఇస్త్రీ చేసినది. సిల్వర్‌ఫిష్‌కు కావలసింది ఆ గంజే, నూలు దాని వెంట పోయింది. పుస్తకాల్లో అయితే మైదా జిగురు పెట్టి కట్టిన బైండింగు దగ్గర మొదలుపెడుతుంది. పుస్తకపేను అంత నష్టం చేయదు. అది ఎక్కువగా తినేది కంటికి కనపడని బూజు. కాబట్టి అది కనిపించిందంటే అక్కడ బూజు పట్టేంత చెమ్మ ఉందని లెక్క.

పిన్ని అప్పటికే అన్నీ చేసి చూసింది. కలరా ఉండలు, వేపాకు, చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న చిన్న సిలికా జెల్ పొట్లాలు. వేపాకు పచ్చిది పెట్టింది. అంటే చెమ్మను తగ్గించడానికి పోయి ఇంకాస్త చెమ్మను లోపల పెట్టింది.

ముందు మీటరును పరీక్షించండి

తేమ కొలవడానికి చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. కానీ చవక మీటర్లు ఐదారు శాతం అటూ ఇటూ చూపిస్తాయి, అందుకని కొన్న రోజే దాన్ని సరిచూసుకోవాలి. దానికి వంటింటి ఉప్పే చాలు. ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి. ఉప్పు కరిగి నీళ్లు తేలితే ఎక్కువ పోసినట్టు. ఆ మూతను, మీటరును ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు పక్కన మూసి ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, మన ఇళ్ల వేడిలో ఆ అంకె పెద్దగా మారదు. పొద్దున మూత తీయకుండానే అంకె చూడండి. పిన్ని మీటరు 70 చూపించింది. అంటే అది చెప్పే ప్రతి అంకెకూ 5 కలపాలి. ఆ మాట కాగితం మీద రాసి మీటరు వెనక అంటించాం, లేకపోతే వారానికే మరిచిపోతాం.

ఒకే అలమారాలో రెండు వాతావరణాలు

రాత్రి పదకొండుకు మూడు చోట్ల కొలిచాం, ఒక్కో చోట అరగంట ఉంచి. సరిచేసిన అంకెలివి: గది మధ్యలో 66, అర ముందు భాగంలో 70, అదే అరలో వెనక గోడకు ఆనించి పెడితే 84. తలుపులు మూసిన ఒకే అర, మధ్యలో దూరం అడుగున్నర.

కారణం గోడ అవతల ఉంది. అది పిల్లవాడి పడకగది, రాత్రంతా ఏసీ నడుస్తుంది. ఆ చల్లదనం గోడలోంచి ఇవతలికి వస్తుంది. గాలిలో ఉన్న నీటి ఆవిరి అంతే ఉన్నా, గాలి చల్లబడేకొద్దీ దాని తేమ శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 65 శాతం ఉన్న గాలి 25 డిగ్రీల గోడను తాకితే ఆ గోడ పక్కన తేమ 87 దగ్గరికి పోతుంది. నీటి చుక్క ఎక్కడా కారలేదు, పైపు పగలలేదు. అయినా గోడ పక్కన వానాకాలమే. మన ఇళ్లలో బాత్‌రూం గోడను అనుమానించినంతగా ఏసీ గది గోడను ఎవరూ అనుమానించరు. నేను ముందు దీన్నే చూస్తాను.

పుస్తకపేను గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుని బతుకుతుంది. తేమ సుమారు 60 శాతం కంటే తగ్గితే పీల్చుకోలేదు, ఒంట్లో నీరు తరిగిపోతుంది. 50 దగ్గర కొన్ని వారాలు నిలిపితే గుంపు మొత్తం అంతరిస్తుంది. సిల్వర్‌ఫిష్‌కు నచ్చేది 75 పైన. పొడిలో దాని సంతతి పెరగదు, కానీ పెద్ద పురుగు త్వరగా చావదు. ఏళ్ల తరబడి బతికేది, నెలల పాటు తిండి లేకున్నా ఉండగలిగేది అది. పైగా పొడిని కొంచెం ఓర్చుకునే రకం కూడా ఒకటుంది. కాబట్టి మీటరు మీద 50కీ 55కీ మధ్య అంకె మన గురి. 60 దాటనివ్వకపోతే చాలావరకు గెలిచినట్టే.

నీళ్లు గాలిలో లేవు, చీరల్లో ఉన్నాయి

ఇప్పుడు ఈ పాఠంలో అసలు లెక్క. ఆ అలమారా నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు, అడుగున్నర లోతు. అంటే 36 ఘనపుటడుగులు, సుమారు ఒక ఘనపు మీటరు. 30 డిగ్రీల దగ్గర అంత గాలిలో తేమను 80 నుంచి 50కి దించాలంటే తీయాల్సిన నీళ్లు 9 గ్రాములు. రెండు చెంచాలు కూడా ఉండవు! ఈ లెక్క చూసే అందరూ వంద గ్రాముల సిలికా జెల్ సరిపోతుందనుకుంటారు.

కానీ నూలు, కాగితం నీటిని పట్టుకుంటాయి. చేతికి పొడిగా తగిలే నూలుబట్టలో కూడా, చుట్టూ 80 శాతం తేమ ఉంటే, బరువులో పదోవంతు దాకా నీరే ఉంటుంది. 50 శాతంలో అది నూటికి ఆరేడుకు తగ్గుతుంది. కాగితమూ దాదాపు అంతే. పిన్ని అలమారాలోని చీరలు, పుస్తకాలు బరువు తూచే మిషను మీద పెడితే 42 కిలోలు. నూటికి నాలుగు లెక్కన వాటిలోంచి పోవాల్సిన నీళ్లు లీటరున్నర పైమాటే. సిలికా జెల్ తన బరువులో నూటికి పాతిక పీల్చుతుందనుకున్నా, ఆరు ఏడు కిలోల జెల్ కావాలి. పిన్ని పెట్టిన పొట్లాలన్నీ కలిపి వంద గ్రాములు. అవి మొదటి పూటకే నిండిపోయి, తర్వాత అలంకారంగా ఉండిపోయాయి.

అందుకే క్రమం ఇది: ముందు సరుకును ఆరబెట్టాలి, తర్వాతే మూసిపెట్టాలి. జెల్ పని ఆరబెట్టడం కాదు, ఆరినదాన్ని కాపలా కాయడం.

వానాకాలంలో మన ఊళ్లో బయట ఆరబెడితే ఆరదు. బట్ట తడి పోతుంది గానీ గాలిలో తేమే 80 ఉన్నప్పుడు దానికంటే పొడి కాలేదు. మేం ఏసీ గదినే వాడుకున్నాం. తలుపు మూసి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ వేసి, చీరలు మడతలు విప్పి దండేల మీద వేశాం. పుస్తకాలను నిలబెట్టి పేజీలు విసనకర్రలా విప్పాం. గదిలో మీటరు 50 దగ్గర నిలబడింది. ఎండలో పెట్టలేదు, పాత కాగితం పెళుసెక్కుతుంది, చీర రంగు వెలుస్తుంది.

ఆరిందని ఎలా తెలుస్తుంది? చేత్తో తెలియదు, త్రాసుతోనే. పది చీరలను గుర్తు పెట్టుకుని రోజూ వంటింటి త్రాసు మీద రెండు విడతలుగా తూచాం. మొదటి రోజు 5 కిలోలు. మరునాటికి 110 గ్రాములు తగ్గాయి, మూడో రోజుకు మొత్తం 180, నాలుగో రోజు ఏమీ తగ్గలేదు. బరువు తగ్గడం ఆగిందంటే సరుకు ఆ గది తేమతో సరిసమానమైందన్నమాట. లావు పుస్తకాలకు ఇంకో నాలుగైదు రోజులు పట్టింది.

తిరిగి పెట్టడం

ఆ గోడకు థర్మోకోల్ షీటు కొడదామని బాబాయి అన్నాడు. నేను వద్దన్నాను. షీటుకూ గోడకూ మధ్య సందు మిగిలితే ఆవిరి అక్కడికి చేరి, గోడ ఇంకా చల్లగా ఉండి, కనపడనిచోట బూజు పడుతుంది. దానికంటే ఆ అలమారాను స్టీలు గిన్నెలకు వదిలేయడం మేలు. పిన్ని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

చీరలను గంజి పోయేలా ఉతికి, అదే గదిలో ఆరబెట్టి, మూతకు రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టాం. గంజి ఇక కట్టుకునే ముందే. ఒక్కో డబ్బాలో పలచని గుడ్డ సంచిలో పావుకిలో సిలికా జెల్, నారింజ రంగుది. నిండాక ఆకుపచ్చ అవుతుంది. అప్పుడు ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది, వంటకు వాడని పళ్లెంలో సుమా. నీరు కారే రసాయన సంచులు, అదే కాల్షియం క్లోరైడువి, చీరల పైన మాత్రం వేలాడదీయకండి. అవి పీల్చినది ఉప్పు నీరై అడుగున చేరుతుంది. సంచి పగిలితే జరీ పని అయిపోయినట్టే.

పుస్తకాలు పడమటి గోడ దగ్గరున్న ఇనప బీరువాలోకి వెళ్లాయి, వెనక రేకుకు రెండంగుళాలు వదిలి. ఆ గోడ అవతల ఏసీ లేదు. అక్కడ రాత్రిపూట అంకె 57.

డబ్బాలు మూసిన మూడు వారాలకు పుస్తకపేలు ఒక్కటీ కనపడలేదు. సిల్వర్‌ఫిష్‌కు ఒక గాజు సీసా పెట్టాం. బయట వైపు కాగితపు టేపు చుట్టి, లోపల చిటికెడు మైదా వేశాం. టేపు పట్టుకుని ఎక్కుతుంది, లోపల పడితే నున్నని గాజు మీద పైకి రాలేదు. మొదటి వారం నాలుగు, రెండో వారం ఒకటి, తర్వాత నెల్లాళ్లు ఏమీ లేదు. డిసెంబరులో మళ్లీ ఒకటి పడింది. చూస్తే అది గిన్నెల అలమారాలోంచి వచ్చింది, అక్కడ అర అడుగున పాత వార్తాపత్రికలు పరిచి ఉన్నాయి.

వచ్చే పాఠానికి ఒక పని: మీటరును ఉప్పుతో సరిచూసుకుని, మీ అలమారాలో గోడకు ఆనించి ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి, ఏసీ నడిచే రాత్రి కొలిచి రాసి పెట్టుకోండి. రెండు అంకెల మధ్య తేడా పది దాటితే గోడ అవతల ఏముందో కూడా రాయండి. ఆ అంకెలతోనే నాలుగో పాఠం మొదలుపెడతాం: ఏసీ లేని ఇళ్లలో ఆరబెట్టడం ఎలా.