ఫోటోలోని పటం నుంచి చెరువు విస్తీర్ణం: స్కేలు దగ్గర వచ్చే తేడా

చిత్తూరు వైపు ఒక చెరువు విస్తీర్ణం కావాలి. చేతిలో ఉన్నది 1:50,000 పటాన్ని ఫోన్‌తో తీసి ప్రింట్ చేసిన కాగితం మాత్రమే. 5 మి.మీ. గళ్లున్న పారదర్శక షీటును పటం మీద పరిచి, చెరువులో పడే గళ్లు లెక్కపెట్టడం తేలికే. చిక్కంతా స్కేలుతో. 1:50,000 అంటే సెంటీమీటరుకు 500 మీటర్లు, కానీ అది అసలు పటానికే వర్తిస్తుంది. ఫోటో ప్రింట్‌లో సైజు మారిపోతుంది కాబట్టి ఆ అంకెను వదిలేసి, ఫోటోలోనే పడిన స్కేలు గీతను కొలవాలి.

ఇక్కడ 1 కిలోమీటరు గీత ప్రింట్‌లో 2 సెం.మీ. బదులు 2.5 సెం.మీ. వచ్చింది. అంటే 5 మి.మీ. గడి భుజం 200 మీటర్లు, గడి వైశాల్యం 40,000 చదరపు మీటర్లు, అంటే 4 హెక్టార్లు. షీటును చెరువు మీద పరిచి లెక్కిస్తే నిండు గళ్లు 31, గట్టు గీత మధ్యగా పోయిన గళ్లు 24. రెండోవాటిని సగంగా తీసుకుంటే 12. మొత్తం 43 గళ్లు, 172 హెక్టార్లు, సుమారు 425 ఎకరాలు.

పాత స్కేలే వాడి ఉంటే గడికి 6.25 హెక్టార్లు పడి, జవాబు దాదాపు 269 హెక్టార్లు వచ్చేది. పొడవులో తేడా పావు వంతే అయినా, వైశాల్యంలో అది వర్గమై ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

షీటును కొంచెం జరిపి మళ్లీ లెక్కించండి. రెండు మొత్తాలూ బాగా దూరంగా ఉంటే గడి మరీ పెద్దదని అర్థం, 2 మి.మీ. గళ్లు వాడాలి. పటం చట్రం పై అంచు, కింది అంచు కూడా కొలిచి చూడండి. అసలు పటంలో దాదాపు సమానంగా ఉండే ఆ రెండూ ప్రింట్‌లో స్పష్టంగా తేడాగా ఉంటే ఫోన్ వాలుగా పట్టుకున్నట్టే. అప్పుడు ఏ లెక్కా నిలవదు, నిటారుగా పైనుంచి మళ్లీ ఫోటో తీయాల్సిందే.