గోడలో దాగే షవర్ మిక్సర్: టైల్స్ వేసే ముందు చూసుకోవాల్సినవి

- లోతును ఇటుక నుంచి కాదు, పూర్తయిన టైల్ ముఖం నుంచి కొలవండి. మిక్సర్‌కు 60–80 మి.మీ. లోతు కావాలనుకుందాం. ప్లాస్టర్ 15, టైల్ గమ్ 5, టైల్ 10 కలిపి 30 మి.మీ. అవుతుంది కాబట్టి ఇటుకలో గాడి 30–50 మి.మీ. చాలు. ఎక్కువ లోపలికి పోతే హ్యాండిల్ అందదు, బయటికొస్తే పైన కప్పే ప్లేటు గోడకు ఆనదు. రెండింటికీ టైల్స్ పగలగొట్టాల్సి రావచ్చు.

- మిక్సర్ లోపల నీళ్లను కలిపి, ఆపే కార్ట్రిడ్జ్‌ను బిగించే ముందు పైపుల్లో నీళ్లు వదిలి కడగండి. ఇసుక రేణువు చిక్కినా సీల్ గీసుకుపోయి షవర్ కారుతూనే ఉంటుంది.

- ప్లాస్టర్‌కు ముందే ప్రెషర్ టెస్ట్ చేయించండి, గేజ్ ముల్లు తగ్గితే ఎక్కడో లీక్ ఉన్నట్టే.

- టైల్ రంధ్రం అంచున వాటర్‌ప్రూఫింగ్ పూయించండి. ప్లేటు చుట్టూ సిలికాన్ పెట్టి, కింద మాత్రం చిన్న ఖాళీ వదలండి. లోపల లీకైతే నీళ్లు అక్కడ కనిపిస్తాయి.